ల్యాబ్ రిపోర్ట్‌లో పార్ట్‌నర్‌తో ఎంతవరకు కలిసి చేయొచ్చు? ఈ ఈమెయిల్ సరిపోతుందా?

అమెరికాలో చదువుతున్నాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇద్దరిద్దరం కలిసి ప్రయోగం చేస్తాం, రిపోర్ట్ మాత్రం ఎవరిది వాళ్లే ఇవ్వాలి. సిలబస్‌లో "డేటా పంచుకోవచ్చు, రిపోర్ట్ సొంతంగా రాయాలి" అని ఒక్క వాక్యమే ఉంది. ఇన్‌స్ట్రక్టర్‌కి పంపాల్సిన ఈమెయిల్‌ని ముందు తెలుగులో రాసుకున్నాను:

"సర్, మేమిద్దరం కేహెచ్‌పీతో సోడియం హైడ్రాక్సైడ్‌ని టైట్రేషన్ చేశాం. మూడుసార్లకు గాఢత 0.1003, 0.1005, 0.0972 మోలార్ వచ్చింది. మూడోసారి రంగు ముదురు గులాబీ అయ్యింది, అంటే ఎండ్‌పాయింట్ దాటి క్షారం ఎక్కువ పడింది. అది వదిలేస్తే సగటు 0.1004, కలిపితే 0.0993. వదలాలా వద్దా అన్నది మేం కలిసి చర్చించుకోవచ్చా, లేక అది కూడా ఎవరికి వారే తేల్చుకోవాలా? లెక్కలు విడిగా చేశాక జవాబులు సరిచూసుకోవచ్చా? ఒకరు ఫార్ములాలు పెట్టిన ఎక్సెల్ షీట్‌ని ఇంకొకరు వాడొచ్చా? రిపోర్ట్‌లో పార్ట్‌నర్ పేరు ఎక్కడ రాయాలి?"

నా అసలు సందేహం ఎక్సెల్ షీట్ గురించే. రీడింగులు ఇద్దరివీ ఒకటే కాబట్టి సరిగ్గా చేస్తే జవాబులూ ఒకటే వస్తాయి. కానీ షీట్‌లో ఒక ఫార్ములా తప్పైతే అదే తప్పు ఇద్దరి రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది. మన దగ్గర రికార్డు చూసి రాసుకోవడం మామూలే, ఇక్కడ అలా కుదరదని విన్నాను.

అమెరికాలో టీఏలుగా చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: ఇన్ని ప్రశ్నలు ఒకే మెయిల్‌లో అడగొచ్చా, లేక ఆఫీస్ అవర్స్‌లో కలవడం మంచిదా? రాతపూర్వకంగా జవాబు ఉంటే నయం కదా అని నా ఆలోచన.