షుగర్ మాత్ర ‘లేదు’ అంటే పోయేది 48 రూపాయలేనా?

పర్లాకిమిడి కౌంటర్:
మాది పర్లాకిమిడిలో మందుల షాపు. ఇక్కడ డాక్టర్లు బాగా రాసే ఒక షుగర్ మాత్ర ఈ నెల రెండుసార్లు అయిపోయింది. స్ట్రిప్ 96కి కొని 120కి అమ్ముతాం, ఒక్కొక్కరు నెలకి రెండు తీసుకుంటారు. ‘పోతే 48 రూపాయలు, దానికింత టెన్షనెందుకురా’ అంటారు నాన్న. నిజంగా ఒకసారి ‘లేదు’ అంటే ఎంత పోతుంది? దాన్నిబట్టి వందమంది అడిగితే ఎంతమందికి దొరికేలా స్టాక్ పెట్టుకోవాలి?

గుణుపురం గల్లాపెట్టె:
మీ నాన్నగారిదే కరెక్టు, నిజానికి 48 కూడా పోదు. అదే మందు ఇంకో కంపెనీది షెల్ఫులో ఉంటుంది కదా, అది ఇచ్చేయండి. దానిమీద మార్జిన్ ఒక్కోసారి ఎక్కువే వస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇలాగే నడిపిస్తున్నాం.

రాయగడ కిరాణా:
మాకూ అంతే. ఒక బ్రాండు సన్‌ఫ్లవర్ ప్యాకెట్ లేకపోతే పక్కది తీసుకుపోతారు, ఎవరూ అలగరు. కానీ మొన్న దసరా ముందు పామాయిల్, సన్‌ఫ్లవర్ రెండూ అయిపోయాయి, అప్పుడు చూడాలి, చిట్టీ రాసుకొచ్చినవాళ్ళు చిట్టీతోనే వెనక్కి పోయారు. బియ్యం, పప్పు, సబ్బులు, అన్నీ పోయాయి. నూనె మార్జిన్ ప్యాకెట్‌కి మూడు రూపాయలు, పోయిందేమో ఐదొందల చిట్టీ.

లెక్కలపుస్తకం:
కిరాణా అన్నగారు చెప్పిన ఆ రెండోదే అసలు సంగతి. మందుల షాపులో ఆ చిట్టీ ప్రతినెలా వస్తుంది, అదీ తేడా.

ముందు గుణుపురం వారికి ఒక మాట. అది షెడ్యూల్ హెచ్ మందు. చీటీలో రాసినదానికి బదులు, లోపల మందు ఒకటే అయినా సరే, వేరేది ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్ 65(11A) చెబుతుంది. డాక్టర్‌కి ఫోన్ చేసి చీటీ మార్పించుకుంటేనే ఇవ్వాలి. అందుకే మన దగ్గర ‘పక్కది ఇచ్చేయడం’ నూనె ప్యాకెట్టంత సులువు కాదు.

ఇక లెక్క. బరంపురంలో మా బావమరిది షాపు కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టించి మూడు నెలలు రాయించాను. ‘లేదు’ అన్న ప్రతిసారీ మనిషి పేరు, తర్వాత ఏం చేశాడు, అంతే. షుగర్, బీపీ వాళ్ళవి 40 సార్లు పడ్డాయి. 14 మంది ‘రేపొస్తా’ అని నిజంగానే వచ్చారు, వాళ్ళమీద ఫోనూ తిరుగుడూ కలిపి మనిషికి పది రూపాయలు వేసుకున్నాం. 11 మందికి డాక్టర్‌ని అడిగి వేరే బ్రాండు ఇచ్చాం, దానిమీద మార్జిన్ స్ట్రిప్‌కి 20, అంటే రెండు స్ట్రిప్‌లకి పోయింది ఎనిమిదే. ఇక్కడ 48 మొత్తం నష్టంగా రాయకూడదు, చాలామంది రాసేస్తారు.

మిగిలిన 15 మంది చీటీ పట్టుకుని వెళ్ళిపోయారు. షుగర్ మాత్రొక్కటే కాదు, బీపీది, గ్యాస్‌ది, మొత్తం నెల బిల్లు. ఆ బిల్లులమీద మనకి మిగిలేది సగటున మనిషికి 160. వాళ్ళలో ఆరుగురు తర్వాత రెండు నెలలూ కనబడలేదు.

ఆ ఆరుగురినీ మన తప్పు కింద వేసుకోవడం తొందరపాటు. ఊరు మారేవాళ్ళుంటారు, కొడుకు విశాఖ నుంచి మందులు పంపేవాళ్ళుంటారు. అందుకని ఎప్పుడూ ‘లేదు’ అనిపించుకోని పాత ఖాతాదార్లని చూశాం: పదిహేనుమందిలో ఇద్దరు ఎలాగూ రెండు నెలల్లో జారిపోతున్నారు. అంటే మనవల్ల పోయింది నలుగురు. ఒక్కొక్కరిమీద రాబోయే ఏడాది మార్జిన్ 160 × 12, అంటే 1,920 పెట్టాం.

కలిపితే: 140 + 88 + 2,400 + 7,680 = 10,308. దాన్ని 40తో భాగిస్తే ఒక్కో ‘లేదు’ దాదాపు 258 రూపాయలు.

గుణుపురం గల్లాపెట్టె:
రూల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ 7,680 గాల్లో లెక్క. పోయినవాడు దగ్గుమందుకి, బ్యాండేజీకి మళ్ళీ మన దగ్గరికే వస్తాడు. ఏడాది మొత్తం పోయిందని ఎలా అంటారు?

లెక్కలపుస్తకం:
నిజమే, అది బలహీనమైన చోటే. ఆ 7,680ని సగానికి కోసేయండి, ఒక్కో ‘లేదు’ 162 వస్తుంది. ఇప్పుడు స్టాక్ వైపు చూద్దాం. ఒక మనిషికి సరిపడా అదనంగా, అంటే రెండు స్ట్రిప్‌లు పెట్టుకుంటే 192 రూపాయలు ఇరుక్కుంటాయి. వడ్డీ, ఎక్స్‌పైరీ కలిపి ఏడాదికి 24 శాతం అనుకుంటే 46, వారానికి 90 పైసలు. వారానికోసారి ఆర్డర్ పెట్టే షాపులో మిగిలిన సరుకు తర్వాతి వారానికి పనికొస్తుంది కాబట్టి, ఒక ‘లేదు’ నష్టాన్ని, ఆ నష్టమూ వారం దాచే ఖర్చూ కలిపినదానితో భాగిస్తే చాలు:

```
258 / (258 + 0.9) = 99.65%
162 / (162 + 0.9) = 99.45%
 48 / ( 48 + 0.9) = 98.2%
```

ఇది వారాల శాతం, మనుషుల శాతం కాదు. వందకి ఎన్ని వారాలు సరుకు అయిపోకుండా గడవాలీ అని. పర్లాకిమిడి తమ్ముడు అడిగిన ‘వందమందిలో ఎంతమందికి’ దీనికంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే సరుకు అయిపోయిన వారంలో కూడా చాలామందికి ముందే దొరికేసి ఉంటుంది.

గమ్మత్తు ఇక్కడుంది. ఆర్డర్ మధ్య గిరాకీ సగటుకి ముగ్గురు అటూఇటూ ఊగుతుందనుకుంటే, 48 లెక్కన సగటుమీద అదనంగా ఆరుగురికి పైచిలుకు సరుకు, 258 లెక్కన ఎనిమిది మందికి. తేడా నాలుగు స్ట్రిప్‌లు! 162కీ 258కీ అయితే అసలు ఒక్క మనిషి సరుకు కూడా తేడా లేదు. కాబట్టి బాగా తిరిగే మందుకి మనిద్దరి వాదనా పెద్దగా దేన్నీ మార్చదు. నాన్నగారి 48ని నమ్మినా నెలకి రెండుసార్లు అయిపోకూడదు, ఏడాదికోసారే అయిపోవాలి.

పర్లాకిమిడి కౌంటర్:
అయితే మా తప్పు రేటులో కాదు, గిరాకీ లెక్కలో అన్నమాట. సాఫ్ట్‌వేర్ చూపించిన సగటు ప్రకారమే ఆర్డర్ పెడుతున్నాను.

లెక్కలపుస్తకం:
అదే అనుమానం. సరుకు లేని నాలుగు రోజుల అమ్మకం సున్నా అని కంప్యూటర్ రాసుకుంటుంది, గిరాకీ సున్నా కాదు. దానితో సగటు తగ్గి, ఆర్డర్ తగ్గి, ఇంకా త్వరగా అయిపోతుంది. ఆ రోజులు తీసేసి సగటు కట్టండి.

రాయగడ కిరాణా:
పర్లాకిమిడి వాళ్ళకి ఇంకో గొడవ ఉంది కదా, ఆటో ఎక్కితే పాతపట్నం. అక్కడ దొరికిందంటే మళ్ళీ ఇటు రారు.

పర్లాకిమిడి కౌంటర్:
అవునన్నా, మాకు ఆరుగురు కాదు, ఎక్కువే పోతారేమో. కానీ కంపెనీ నుంచే సరుకు రానప్పుడు?

లెక్కలపుస్తకం:
అప్పుడు పాతపట్నంలోనూ ఉండదు, మనిషి ఎక్కడికీ పోడు, నష్టం బాగా తక్కువ. నోట్‌బుక్‌లో దాన్ని వేరే గుర్తుతో రాయండి.

గుణుపురం గల్లాపెట్టె:
మరి ఇన్సులిన్ పెన్ సంగతి? మా దగ్గర నెలకి ఇద్దరే అడుగుతారు, ఖరీదూ ఎక్కువ, ఫ్రిజ్‌లో పెట్టాలి, ఇక్కడ కరెంటు సంగతి తెలిసిందే. పాడైతే మొత్తం పోతుంది. దానిక్కూడా 99 అంటారా?

లెక్కలపుస్తకం:
అనను. అక్కడ దాచే ఖర్చు వారానికి పైసల్లో ఉండదు, కాబట్టి 162 అన్నా 258 అన్నా ఒక పెన్ ఉంచాలా రెండా అన్నది మారిపోవచ్చు. ఆ మందుకి మీ వాదన చెల్లుతుంది. ఆ ఇద్దరి ఫోన్ నెంబర్లు తీసుకుని, అయిపోయే వారం ముందే అడిగి తెప్పించడమే నేనైతే చేసేది, మీరేమంటారో.

గుణుపురం గల్లాపెట్టె:
ఒకాయన ఫోన్ ఎత్తడు. చూద్దాం.