ఆరు డిస్కులకు రెయిడ్ 5, 6, 10లలో ఏది? చిన్న రైట్ల లెక్క

సుధీర్: డేటాబేస్ సర్వర్‌కి 4 టీబీ హార్డ్ డిస్కులు ఆరు ఉన్నాయి. ఒక్కోటి సెకనుకు 150 ఐఓలు ఇస్తుందనుకోండి. లోడు సెకనుకు 240 రీడ్లు, 160 చిన్న రైట్లు. రెయిడ్ 5లో 20 టీబీ వస్తుంది కాబట్టి అదే పెడదామనుకుంటున్నా. తట్టుకుంటుందా?

మురళి: కష్టమండీ. ప్యారిటీ మార్చాలంటే మిగతా డిస్కులన్నీ చదవాల్సిందే కదా.

వాణి: అన్నీ అక్కర్లేదు మురళి గారూ. పాత డేటా 1011, కొత్తది 0010, పాత ప్యారిటీ 0110 అనుకోండి. మూడింటినీ ఎక్సార్ చేస్తే 1111, అదే కొత్త ప్యారిటీ. అంటే రెండు రీడ్లు, రెండు రైట్లు, మొత్తం 4 ఐఓలు. రెయిడ్ 6లో ప్యారిటీలు రెండు కాబట్టి 6. రెయిడ్ 10లో జంటలో రెండు డిస్కులకూ రాయడమే, 2.

సుధీర్ గారూ, మీ ఆరు డిస్కులూ కలిపి ఇచ్చేది 900.

```
RAID 5 : 240 + 160×4 = 880
RAID 6 : 240 + 160×6 = 1200
RAID 10: 240 + 160×2 = 560
```

880 పట్టినట్టే కనిపిస్తుంది గానీ, డిస్కులు అంత నిండుగా నడిస్తే క్యూ పెరిగి క్వెరీలు నత్తనడక నడుస్తాయి. ఒక డిస్కు పోయాక మిగిలేది 750. పైగా పోయిన డిస్కులోని ఒక్క బ్లాకు కావాలన్నా మిగతా అయిదూ చదవాలి. అదే రెయిడ్ 10లో జంటకు 80 రీడ్లు, దాదాపు 53 రైట్లు. ఒక డిస్కు పోతే దాని జోడీ మీద పడేది 133, అంటే 150 లోపే.

మురళి: అయితే రెయిడ్ 10 పెట్టేయండి. 12 టీబీయే వస్తుంది గానీ మూడు డిస్కులు పోయినా నడుస్తుంది.

వాణి: మూడూ వేర్వేరు జంటల్లోవైతేనే. ఒకటి పోయాక మిగిలిన అయిదింటిలో దాని జోడీ పోతే డేటా పోయినట్టే. రెయిడ్ 6లో ఏ రెండు పోయినా ఇబ్బంది లేదు, 16 టీబీ కూడా వస్తుంది. మీ రైట్లకే అది ఆగదు.

ఖాదర్: మా ఇంట్లో రెండు డిస్కుల నాస్ ఉంది, ఫొటోలకు. రెయిడ్ 1 తీసేసి 5 చేస్తే చోటు పెరుగుతుందా?

వాణి: పెరగదు ఖాదర్ గారూ. చోటు కలిసిరావాలంటే కనీసం మూడు డిస్కులు కావాలి. పొరపాటున ఫొటో చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది, బ్యాకప్ విడిగా ఉంచుకోండి.

సుధీర్: డేటా ఇప్పటికే 9 టీబీ ఉంది, 12 ఎన్నాళ్లో చాలదు. బ్యాటరీ ఉన్న కంట్రోలర్ క్యాష్ పెట్టి రెయిడ్ 6 వాడితే?

వాణి: కాసేపటి ఉప్పెనను క్యాష్ మింగుతుంది. 160 రోజంతా వస్తుంటే మాత్రం క్యాష్ నిండాక మళ్లీ అదే 1200. మీ 160 సగటా, పీకా? పని ఎక్కువగా ఉన్న గంటలో `iostat -x 5` నడిపి `w/s` చూసి చెప్పండి.

మురళి: ఆ 9 టీబీలో పాత రికార్డులెన్నో కూడా చూడండి. అవి వేరేచోటికి తరలితే 12 చాలొచ్చు.