నూరు శాతం ఆక్సిజన్‌కీ లొంగని శాచురేషన్: అది షంటేనా?

కొత్తపీజీ: ఐసీయూలో న్యుమోనియా పేషెంట్‌కి మాస్క్‌తో 15 లీటర్లు పెట్టినా శాచురేషన్ 86 దాటడం లేదు. "షంట్, ఆక్సిజన్ పనిచేయదు" అన్నారు సార్. పక్క బెడ్‌లో సీఓపీడీ ఆయనకి 2 లీటర్లకే 84 నుంచి 92కి వచ్చింది. షంట్ అంటే గాలికీ రక్తానికీ ఉన్న నిష్పత్తి, అదే వి/క్యూ, సున్నా అయిన చోటే కదా? ఇద్దరిదీ ఊపిరితిత్తుల జబ్బే, ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు చేయదు?

సూటిమాట: ఇందులో చర్చించడానికి ఏముంది? షంట్‌లో రక్తం గాలిని తాకదు. తలుపు మూసిన గదికి బయట ఎంత గాలి వీస్తే ఏం లాభం? ఆక్సిజన్ 21 శాతం ఇచ్చినా, 100 ఇచ్చినా రక్తంలో రవ్వంత కూడా మారదు. సార్ చెప్పింది కరెక్ట్.

పొద్దుతిరుగుడు: మా మేనల్లుడికి చిన్నప్పుడు తలలో నీరు చేరితే షంట్ వేశారండీ. వాడికి కూడా ఆక్సిజన్ పనిచేయదా? చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

రాత్రిడ్యూటీ: పొద్దుతిరుగుడు గారూ, అది నీటిని దారి మళ్లించే గొట్టం, దీనికీ దానికీ సంబంధం లేదు. నిశ్చింతగా ఉండండి.

సూటిమాట, సగమే చెప్పావు తమ్ముడూ. మూసుకున్న భాగం వరకు నువ్వన్నది నిజమే. కానీ తెరిచి ఉన్న భాగం గుండా వెళ్లే రక్తానికి ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. అయినా ఎందుకు చాలడం లేదన్నదే అసలు ప్రశ్న.

ఒక లెక్క వేద్దాం. హిమోగ్లోబిన్ 15 అనుకోండి. అది పూర్తిగా నిండితే 100 మి.లీ. రక్తంలో సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. మామూలు గాలి పీల్చినా బాగున్న భాగంలో అది 97 శాతం నిండిపోయే ఉంటుంది, ఇంకా నింపడానికి పెద్దగా చోటు లేదు. నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గాలి గదుల్లో పీడనం 100 నుంచి 670 మి.మీ. దాకా ఎగబాకుతుంది. చూడటానికి గొప్ప అంకే, కానీ దానివల్ల రక్తంలో కరిగే ఆక్సిజన్ 2 మి.లీ. మాత్రమే. అంటే 20 కాస్తా 22 అవుతుంది, అంతకు మించదు.

ఇప్పుడు 40 శాతం రక్తం షంట్ గుండా వస్తోందనుకోండి. ఆ సిర రక్తం శాచురేషన్ 60, అంటే 12 మి.లీ. రెండూ గుండె ఎడమ వైపు కలుస్తాయి. కలిసేది పీడనాలు కాదు, మోసుకొచ్చిన ఆక్సిజన్ పరిమాణాలు. 22లో 60 శాతం, 12లో 40 శాతం తీసుకుంటే మొత్తం 18 వస్తుంది, అందులో కరిగి ఉన్న కాస్త తీసేస్తే శాచురేషన్ దాదాపు 89. మామూలు గాలి మీద ఇదే పేషెంట్‌కి 82 ఉండేది. సిర రక్తం మారలేదనుకుని వేసిన లెక్క ఇది. అయిదింతల ఆక్సిజన్ ఇస్తే పెరిగింది ఏడు పాయింట్లు. సున్నా కాదు, కానీ సరిపోయేదీ కాదు.

కొత్తపీజీ: అన్నా, ఇక్కడే నాకు ముడి పడుతోంది. సీఓపీడీలో కూడా బాగున్న భాగం 97 దాటి మోయలేదు కదా! మరి అక్కడ 2 లీటర్లకే ఎలా సరిపోయింది?

రాత్రిడ్యూటీ: మంచి పాయింట్. అక్కడ పని జరిగేది బాగున్న భాగంలో కాదు, పాడైన భాగంలోనే. సీఓపీడీలో దారి ఇరుకైంది కానీ పూర్తిగా మూసుకుపోలేదు. ఆ గదుల్లోకి గాలి నెమ్మదిగానైనా వెళ్తుంది. వెళ్లే గాలిలో నత్రజని తగ్గి ఆక్సిజన్ పెరిగితే లోపలి పీడనం కూడా పెరుగుతుంది. ఆ భాగం నుంచి వచ్చే రక్తం శాచురేషన్ గ్రాఫ్‌లో నిటారు చోట నిలబడి ఉంది, కాబట్టి పది ఇరవై మి.మీ. పెరిగినా శాచురేషన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇంకా ముందుకెళ్లి నూరు శాతం ఇస్తూ 20 నిమిషాలో, ఇంకొంచెం ఎక్కువో ఆగితే ఇరుకు గదుల్లోని నత్రజని కూడా దాదాపుగా బయటికి పోతుంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి తప్ప లోపల ఇంకేమీ మిగలవు. అందుకే అది ఎంత ఇరుకు గది అయినా పీడనం 600 దాటగలదు. షంట్‌లో ఆ నత్రజనిని తోసేయడానికి దారే లేదు.

వార్డుఅక్క: మీ లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, ఆ పేషెంట్‌కి నిజంగా నూరు శాతం అందిందా? మాస్క్‌కి 15 లీటర్లు పెట్టినంత మాత్రాన నూరు కాదు. ఆయాసపడే మనిషి ఊపిరి పీల్చే క్షణంలో నిమిషానికి 40, 60 లీటర్ల వేగంతో లాగుతాడు. మిగతాది మాస్క్ పక్కల సందుల్లోంచి గది గాలే. పీల్చిన ప్రతిసారీ మాస్క్‌కున్న బ్యాగు చప్పబడిపోతోందంటే నాకైతే ముందు అనుమానం మాస్క్ మీదే. షంట్ అని రాసేసే ముందు అది చూడండి.

మూడోఅంతస్తు: నేను డాక్టర్‌ని కాదు. అమ్మకి న్యుమోనియా వచ్చినప్పుడు ఆక్సిజన్ ఎంత పెంచినా 87 దగ్గరే ఆగింది. బోర్లా పడుకోబెట్టాక గంటలో 94 అయింది. ఆక్సిజన్ ఒక్క లీటరు కూడా పెంచలేదు. అంటే షంట్ తగ్గినట్టేనా?

రాత్రిడ్యూటీ: చాలా మటుకు అంతే అనుకోవచ్చండీ. వీపు వైపు ముడుచుకున్న గదులు తెరుచుకుంటాయి, రక్తం అక్కడికి వెళ్తూనే ఉంటుంది. మూసిన తలుపు తెరిస్తేనే ఆక్సిజన్‌కి విలువ. అయితే అందరికీ ఇలా తిరగదు.

వార్డుఅక్క గారి మాటకి నాదొకటి కలుపుతాను. షంట్ ఉన్నప్పుడు ఆ సిర రక్తం ఎలాంటిదన్నది చాలా ముఖ్యం. పై లెక్కలో సిర శాచురేషన్ 60 నుంచి 70కి పెరిగితే చాలు, ధమనిలో నాలుగు పాయింట్లు పెరుగుతాయి. జ్వరం, వణుకు తగ్గించడం, గుండె పంపింగ్ చూసుకోవడం, రక్తం మరీ తక్కువుంటే ఎక్కించడం, అన్నీ అటు నుంచి పనిచేసేవే. మాస్క్ నాబ్ తిప్పడం ఒక్కటే దారి అనుకోవద్దు.

మత్తువాడు: ఒక అభ్యంతరం. "నూరు శాతం ఇచ్చి చూడండి, సరికాకపోతే షంట్" అనే పరీక్షే అంత శుభ్రమైనది కాదు. ఇరుకు గదిలో నత్రజని ఉన్నంతసేపు అది గదిని నిలబెట్టే గుంజలా పనిచేస్తుంది. దాన్ని కడిగేశాక లోపలికి వచ్చే ఆక్సిజన్ కంటే రక్తం పీల్చుకునేది ఎక్కువైతే గది ముడుచుకుపోతుంది. అంటే కొలవడానికి వెళ్లి నువ్వే షంట్‌ని తయారుచేశావు. ఆపరేషన్ టేబుల్ మీద రోజూ చూస్తుంటాను.

రాత్రిడ్యూటీ: కాదనను. కానీ 50 శాతం మీద ఆగితే మరీ ఇరుకు గదులు కూడా షంట్ లాగే కనిపిస్తాయి. రెండు వైపులా పొరపాటుకి అవకాశం ఉంది. నాకు ఎక్కువ అంకె మీద చూడటమే నయం.

మత్తువాడు: నాకు తక్కువ అంకే నయం. ఇక్కడ మనిద్దరికీ ఎప్పుడూ కుదరదులే.

సూటిమాట: రవ్వంత కూడా మారదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. "సరిపోయేంత మారదు" అని చదువుకోండి.

కొత్తపీజీ: ఇవాళ మాస్క్ తీసేసి హై ఫ్లో 60 లీటర్లు పెట్టాం. 86 నుంచి 90 అయింది. పక్కకి తిప్పితే ఒక వైపు 92, రెండో వైపు 85.

వార్డుఅక్క: ఎక్స్‌రేలో ఏ ఊపిరితిత్తి తెల్లగా ఉంది? అది కింద ఉన్నప్పుడేనా 85?

కొత్తపీజీ: కుడి. అవునక్కా, కుడి కిందికి ఉన్నప్పుడే.

రాత్రిడ్యూటీ: రక్తం కిందికే ఎక్కువ పోతుంది. అయితే ఎడమ కిందికి ఉండేలా పడుకోబెట్టి, అరగంటాగి ధమని రక్తం తీసి ఏబీజీ చెయ్యి. ఆ అంకెలు ఇక్కడ పెట్టు, అప్పుడు లెక్క వేద్దాం.