అప్‌డేట్: స్క్రీన్‌షాట్ల లెక్క రెండుసార్లు పడటం ఆగింది

నా ప్రశ్న: "మారతహళ్ళిలో మాది చిన్న కిరాణా కొట్టు. కస్టమర్లు పంపే యూపీఐ స్క్రీన్‌షాట్లు చూసి రోజు పుస్తకంలో రాస్తుంటే మొత్తం ఎక్కువ వస్తోంది. ఎలా సరిచేయాలి?"

మీలో ఒకరు చెప్పినట్టు పేరు, టైమ్ చూసి పోల్చడం వదిలేసి, ప్రతి చెల్లింపుకీ వేరుగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్ పట్టుకున్నాను. యాప్ సొంత ఐడీ వేరే ఉంటుంది, అది రాస్తే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలవదు. పుస్తకంలో మొత్తం పక్కన యూటీఆర్ చివరి నాలుగు అంకెలు రాస్తున్నాం. అవి ఇంతకుముందే ఉంటే పూర్తి నంబర్ చూస్తాం.

శనివారం స్క్రీన్‌షాట్ల మొత్తం ₹6,480, ఖాతాలో పడింది ₹6,120. తేడా ₹360. వెతికితే, ఒక ₹240ని నేను వాట్సాప్‌లో చూసి రాశాను, అదే మా తమ్ముడు కౌంటర్ దగ్గర కస్టమర్ ఫోన్ చూసి మళ్ళీ రాశాడు. యూటీఆర్ ఒకటే. మిగతా ₹120 స్క్రీన్‌షాట్‌లో "Processing" అని ఉంది, డబ్బు రానేలేదు. అందుకే ఇప్పుడు మా ఖాతాలో పడ్డాకే రాస్తున్నాం.

అదే రోజు ఇంకో ఇద్దరు ఒకే నిమిషంలో చెరో ₹85 కట్టారు. పాత పద్ధతిలో అయితే ఒకటి కొట్టేసేవాణ్ణి. యూటీఆర్‌లు వేరు కాబట్టి రెండూ నిలిచాయి.

నేను అసలు ఊహించనిది పాత బాకీ. ఖాతాలో పడిన దాంట్లో ₹500 పోయిన వారం అరువుకి కట్టింది. ఆ సరుకు అమ్మిన రోజే అమ్మకంలో రాసేశాం. అందుకే దాన్ని "బాకీ వసూలు" గడిలో వేశాను. ఆ రోజు యూపీఐ అమ్మకం ₹5,620 మాత్రమే.