అప్‌డేట్: పెయిరా, పేరా తేలింది

నా ప్రశ్న: ఇంగ్లిష్ క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌లో ఒకేలా వినిపించే రెండు మాటల్లో గళ్లలో ఏది రాయాలి?

అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పిన పద్ధతి పనిచేస్తోంది. జవాబు మరో మాటలా వినిపిస్తుందని చెప్పే ‘రిపోర్టెడ్లీ’, ‘వి హియర్’ లాంటి సూచిక ఏ మాటను ఆనుకుని ఉందో, ఆ మాటకు సమానార్థక పదం చెవికే, గళ్లలోకి రాదు. అవతలి చివర ఉన్న అర్థానిదే జవాబు. ‘ఫ్రూట్ ఫర్ కపుల్, రిపోర్టెడ్లీ (4)’ చూడండి. సూచిక ‘కపుల్’ పక్కనుంది, కాబట్టి జంట అనే పెయిర్‌ను వినాలి. రాయాల్సింది అలాగే వినిపించే పండు పేర్, అంటే పి-ఇ-ఎ-ఆర్. చివరి 4 జవాబులోని అక్షరాల లెక్క.

‘ఫ్రూట్ రిపోర్టెడ్ కపుల్ (4)’ అంటేనే చిక్కు. సూచిక మధ్యలో ఉంది, రెండు వైపులా అతుకుతుంది. రెండు మాటలకూ మొదటి, చివరి అక్షరాలు ఒకటే కనుక ఆ గళ్లను దాటే పదాలు తేల్చవు. రెండో గడిలోనో మూడో గడిలోనో అక్షరం పడేదాకా పెన్ను పెట్టకూడదు. ఇలాంటి క్లూ ఇవ్వడం కూర్చినవారి లోపమేనని నా అభిప్రాయం.

ఇంకొకటి మన ఉచ్చారణ. ‘కోర్ట్’లో ‘ర్’ మనం గట్టిగా పలుకుతాం. బ్రిటిష్ ఉచ్చారణలో అది వినిపించదు, ‘కాట్’ (పట్టుబడ్డ) అన్నట్టే ఉంటుంది. అందుకే బ్రిటిష్ పజిల్‌లో జత కుదరకపోతే ‘ర్’ తీసేసి పలికి చూడాలి. ఈ జంటలో అక్షరాల లెక్కే దారి చూపుతుంది: కోర్ట్‌కు 5, కాట్‌కు 6.