‘మూవ్డ్ ఫార్వర్డ్’ అంటే ముందా, వెనకా? సమావేశంలో ఏమని అడగాలి?

పలక బలపం:
మా ఆఫీసులో అమెరికా వాళ్ళతో వారానికొక ఫోన్ సమావేశం ఉంటుంది. మొన్న అక్కడి మేనేజరు ఇలా అన్నారు: ‘నెక్స్ట్ వెన్స్‌డేస్ రివ్యూ హాజ్ బీన్ మూవ్డ్ ఫార్వర్డ్ టూ డేస్.’ ఆ బుధవారం 14వ తేదీ. ఫోన్ పెట్టేశాక చూస్తే మాలో కొందరు సోమవారం 12 అని, కొందరు శుక్రవారం 16 అని రాసుకున్నారు. మాట మాత్రం అందరికీ స్పష్టంగానే వినిపించింది. ఇలాంటప్పుడు అవతలివారు నొచ్చుకోకుండా, మనకు ఇంగ్లీషు రాదని అనుకోకుండా ఏమని అడగాలి? తెలుగులో అయితే ‘అంటే ఏ రోజండీ?’ అని అడిగేస్తాం.

కొల్లేటి కొంగ:
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? ‘పార్డన్, ప్లీజ్ రిపీట్ వన్స్’ అంటే సరిపోతుంది. ‘ప్లీజ్’ ఉంటే ఎవరూ నొచ్చుకోరు.

తాటాకు గంటం:
నా లెక్కన ‘మూవ్డ్ ఫార్వర్డ్’కు సరైన తెలుగు ‘ముందుకు జరిపారు’. వాయిదా అనకూడదు. వాయిదా అంటే తర్వాతి రోజుకు మార్చడమే.

పలక బలపం:
గంటం గారూ, నేను అడిగింది అనువాదం కాదండీ, అడిగే పద్ధతి. అయినా ‘ముందుకు జరిపారు’ అన్నా మా ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు.

నూజివీడు రసం:
ఉద్యోగులకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం నా వృత్తి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ఒక మాట. ఆ వాక్యం ఇంగ్లీషు సొంత భాష అయినవారికీ రెండు రకాలుగానే అర్థమవుతుంది. బుధవారం సమావేశాన్ని రెండు రోజులు ‘ఫార్వర్డ్’ జరిపితే ఏ రోజవుతుంది అన్నది భాషా మనస్తత్వ పరిశోధకులకు బాగా అలవాటైన ప్రశ్న. లెరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని ఒక విమానాశ్రయంలో అడిగారు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నవారి కంటే అప్పుడే విమానం దిగినవారిలో ఎక్కువ మంది శుక్రవారం అన్నారు. కాబట్టి మీవాళ్ళు రెండుగా చీలిపోవడంలో ఇంగ్లీషు రాకపోవడం ఏమీ లేదు.

ఇక కొంగ గారి సలహా. వినపడనప్పుడు మళ్ళీ చెప్పమనడం సరైనదే. ఇక్కడ వినపడింది కానీ అర్థం తేలలేదు. మళ్ళీ చెప్పమంటే ఆయన అదే వాక్యాన్ని ఇంకొంచెం గట్టిగా చెబుతారు, సందేహం అలాగే ఉంటుంది. పైగా ‘రిపీట్ వన్స్’లోని ‘వన్స్’ మన ‘ఒకసారి చెప్పండి’ నుంచి వచ్చింది. తెలుగులో ఆ ‘ఒకసారి’ మాటను మెత్తన చేస్తుంది. అమెరికా వాళ్ళకు అది లెక్కలాగే వినిపిస్తుంది.

అర్థం తేలనప్పుడు మీకు అర్థమైనదాన్ని మీరే తేదీతో సహా చెప్పి, అవునో కాదో ఆయన చేత అనిపించాలి: ‘సారీ, కెన్ ఐ జస్ట్ చెక్, ఈజ్ దట్ మండే ద ట్వెల్ఫ్త్?’ ఇందులో ‘ఫార్వర్డ్’ అన్న మాటే లేదు, చూడండి. తికమక పెట్టిన మాటను మనం తిరిగి వాడకూడదు. వారం పేరు, తేదీ రెండూ ఉండటం వల్ల ఒకటి తప్పు వినిపించినా రెండోది పట్టుకుంటుంది. ఏ రోజో ఊహకు అందకపోతే ‘ఈజ్ దట్ ద ట్వెల్ఫ్త్ ఆర్ ద సిక్స్‌టీన్త్?’ అని రెండూ ముందుంచవచ్చు.

మర్యాద సంగతికి వస్తే, మన ‘అంటే?’ను కొందరు ‘మీనింగ్?’ అని అక్షరాలా ఇంగ్లీషులోకి తెస్తారు. తెలుగులో ‘అండీ’ చేరగానే మెత్తబడే ప్రశ్న అక్కడ నిలదీసినట్టు ఉంటుంది. ‘వాట్ డు యు మీన్?’ కూడా స్వరాన్ని బట్టి గొడవకు దిగినట్టు వినిపించవచ్చు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు ప్రశ్న ఉందని, వాళ్ళకు మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదని. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే ఏ ఇబ్బందీ ఉండదు.

కొల్లేటి కొంగ:
ఒప్పుకుంటాను, మళ్ళీ చెప్పమంటే ఇక్కడ లాభం లేదు. కానీ పై అధికారి మాట్లాడుతుండగా మధ్యలో ఆపితే బాగుంటుందా?

నూజివీడు రసం:
వాక్యం మధ్యలో వద్దు. ఆయన ఆ విషయం ముగించి తర్వాతిదానికి వెళ్ళబోయే క్షణం అడగాలి. అది దాటిపోతే చాట్‌లో ఒక్క వాక్యం రాయండి. అడగడం వల్ల చిన్నబోతామన్న భయానికి మాత్రం ఆధారం లేదు. 12 భాషల మామూలు సంభాషణలను రికార్డు చేసి పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో, మనుషులు సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ‘ఏమిటి?’, ‘ఎవరు?’, ‘ఫలానాదేనా?’ అంటూ ఎదుటివారిని ఆపి సరిచూసుకుంటున్నారని తేలింది. వీలైనంతవరకు ‘ఏమిటి?’ అని వదిలేయకుండా, తెలియని ముక్కనే పట్టి అడుగుతారట. మొత్తం మళ్ళీ చెప్పే శ్రమ ఎదుటివారికి తప్పుతుంది.

వెన్నెల మెట్లు:
నేను ఇంగ్లండులో నర్సును. మా వార్డుకు ల్యాబు నుంచి ఫోనులో ఫలితం చెబితే, కాగితం మీద రాసుకుని, రాసినదాన్ని తిరిగి చదివి వినిపిస్తాను. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి. అందుకే ‘వన్ ఫైవ్’ అనో ‘ఫైవ్ జీరో’ అనో అంకెలు విడగొట్టి చెబుతాను. మీ సమావేశాల్లో కూడా అంకె వచ్చిన ప్రతిచోటా ఇలా చేయండి. మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. ఇక్కడ చదివి వినిపించకపోతేనే అడుగుతారు.

తాటాకు గంటం:
మన ‘ప్రీపోన్’ వాడితే ఈ గొడవే ఉండదు కదా? స్పష్టమైన మాట.

నూజివీడు రసం:
మన దేశంలో నిస్సంకోచంగా వాడండి. అమెరికాలో ఆ మాట తెలియనివారు ఎక్కువ. అప్పుడు వాళ్ళు మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. ‘ఎర్లియర్’, ‘లేటర్’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

పలక బలపం:
రసం గారూ, చాట్‌లో మీ వాక్యమే రాశాను. ‘యెస్, మండే’ అని వెంటనే జవాబు వచ్చింది, నొచ్చుకున్న జాడ లేదు. కానీ మాలో ఒకరు అంతకుముందే ‘ఇట్ ఈజ్ నాట్ ఆన్ ఫ్రైడే?’ అని అడిగితే ఆయన ‘నో’ అన్నారట. శుక్రవారం కాదన్నారా, నా మాట తప్పన్నారా అని అడిగినవారికి తేలలేదు.

నూజివీడు రసం:
సరిచూసుకునేటప్పుడు కాదు, లేదు అన్న ప్రశ్న వేయకపోవడం మేలు. ‘మీరు రారా?’ అంటే తెలుగులో ‘అవును, రాను’ అంటాం. అడిగినవారి మాటతో ఏకీభవిస్తున్నాం. ఇంగ్లీషులో ‘నో, ఐ యామ్ నాట్’. అక్కడ జవాబు జరిగే పనిని బట్టి ఉంటుంది, అడిగిన తీరును బట్టి కాదు. ఆయన ‘నో’ అంటే శుక్రవారం కాదనే.

వెన్నెల మెట్లు:
మా ఇంట్లో ‘మీరు రారా?’ అంటే ‘లేదండీ, రావడం లేదు’ అనే అంటాం. ‘అవును, రాను’ అంటే కోపంగా ఉన్నామని అనుకుంటారు.

కొల్లేటి కొంగ:
మా వైపు ‘ఆఁ, రాను’. ‘అవును’ అనం, ‘లేదు’ అని కూడా అనం.

నూజివీడు రసం:
‘లేదండీ’ నేనూ విన్నాను. అది మన భాషలో మొదటి నుంచీ ఉందా, ఇంగ్లీషు చదువుల వల్ల వచ్చిందా అన్నది నేను చెప్పలేను. పాత తరం వారితో మాట్లాడేవారు ఇంట్లో ఏమంటారో ఇక్కడ రాయండి.