రీఎన్‌కోడ్ లేకుండా క్లిప్ కత్తిరించడం: సరిగ్గా అదే ఫ్రేమ్ దగ్గర కట్ కావాలంటే నమ్మవచ్చా?

లెక్కల_మాస్టారు: క్లాసు రికార్డింగ్‌లో 12:40 నుంచి 3 నిమిషాల ముక్క కావాలి. 12:38 దాకా స్క్రీన్ మీద పిల్లల మార్కుల జాబితా తెరిచి ఉంది, అది బయటికి వెళ్లకూడదు. ffmpegలో `-c copy` పెట్టి కట్ చేస్తే కంప్యూటర్‌లో సరిగ్గా 12:40కే మొదలవుతోంది, అదే ఫైల్ మా తోటి టీచర్ ఫోన్‌లో ఆరు సెకన్లు ముందు నుంచి ఆడుతోంది. `-ss`ని `-i` తర్వాతకి మార్చి చూస్తే మొదట రెండు సెకన్లు మాట వినిపిస్తుంది కానీ బొమ్మ రాదు. ఈ పద్ధతిలో సరైన చోట కట్ అవుతుందా, లేక రీఎన్‌కోడ్ చేయాల్సిందేనా?

కడప_కెమెరా: నాకెప్పుడూ ఈ సమస్య రాలేదండి. మా కెమెరాలో ప్రోరెస్‌లో తీస్తాం, `-c copy`తో ఏ ఫ్రేమ్ దగ్గర కావాలంటే అక్కడ తెగుతుంది. మీ కమాండ్‌లోనే ఏదో తేడా ఉన్నట్టుంది, వెర్షన్ మార్చి చూడండి.

ఫ్రేమ్_పిచ్చి: కమాండ్‌లో తేడా ఏం లేదు. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ సొంతంగా నిలబడుతుంది కాబట్టి మీకు ఎక్కడైనా తెగుతుంది, మీ మాట ఆ ఫైళ్ల వరకు నిజమే. మాస్టారిది ఓబీఎస్‌లో తీసిన హెచ్264 అనుకుంటా. అందులో కీఫ్రేమ్ మాత్రమే పూర్తి బొమ్మ, మిగతావి చుట్టూ ఉన్న ఫ్రేమ్‌ల నుంచి ఏం మారిందో చెప్పేవి. కాపీ చేసేటప్పుడు ఎవరూ బొమ్మను తిరిగి గీయరు కాబట్టి క్లిప్ కీఫ్రేమ్‌తోనే మొదలవ్వాలి. మాస్టారూ, ఇది నడిపి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి:

```
ffprobe -v error -select_streams v:0 -skip_frame nokey -read_intervals 750%770 -show_entries frame=pts_time -of csv=p=0 class.mp4
```

లెక్కల_మాస్టారు: ఓబీఎస్సే, ఎక్స్264, సెకనుకు 30 ఫ్రేమ్‌లు. ఇవి వచ్చాయి:

```
745.800000
754.133333
762.466667
```

ఫ్రేమ్_పిచ్చి: మీరు చూసిన రెండు వింతలూ ఈ మూడు అంకెల్లోనే ఉన్నాయి. కీఫ్రేమ్‌ల మధ్య దూరం 8.33 సెకన్లు, అంటే 250 ఫ్రేమ్‌లు. ఓబీఎస్‌లో కీఫ్రేమ్ ఇంటర్వల్ 0 అని వదిలేస్తే ఎక్స్264 తన డిఫాల్ట్ 250నే వాడుతుంది. దృశ్యం బాగా మారితే మధ్యలో అదనంగా ఒకటి వేస్తుంది కానీ, ఒకే స్లయిడ్ మీద మాట్లాడుతుంటే ఆ అవసరం దానికి కనబడదు.

12:40 అంటే 760వ సెకను. `-ss`ని `-i` కంటే ముందు పెడితే ffmpeg వెనక ఉన్న కీఫ్రేమ్‌కి, అంటే 754.133కి పోయి అక్కడ నుంచి కాపీ చేస్తుంది. మిగిలిన 5.87 సెకన్లను ఎంపీ4లో ఎడిట్ లిస్ట్ అనే సూచనతో దాచిపెడుతుంది, “ప్లేయరూ, ఇక్కడిదాకా చూపించకు” అని. మీ కంప్యూటర్‌లోని ప్లేయర్ ఆ మాట విన్నది, ఫోన్‌లోనిది వినలేదు. `-ss`ని `-i` తర్వాత పెడితే ఆడియో 760 నుంచే వస్తుంది, వీడియో మాత్రం తర్వాతి కీఫ్రేమ్ దాకా ఆగుతుంది, అందుకే 2.47 సెకన్లు బొమ్మ లేదు.

నిజాంపేట_నవీన్: అన్నా, ఇంత టెన్షన్ ఎందుకు? ముందు ఐదారు సెకన్లు ఎక్కువ వస్తే రానివ్వండి. నేను రోజూ సెమినార్ రికార్డింగ్‌లు కోస్తాను, LosslessCutలో కీఫ్రేమ్ దగ్గరే కట్, గంటల ఫైల్ క్షణాల్లో అయిపోతుంది. రీఎన్‌కోడ్ చేస్తే స్లయిడ్ మీద సన్నటి అక్షరాలు మసకబారతాయి, ఒకసారి పోయిన క్వాలిటీ మళ్లీ రాదు.

టైమ్‌లైన్_మాధవి: నవీన్ గారూ, ప్రశ్న ఇంకోసారి చదవండి. ఆ ఆరు సెకన్లలో ఉన్నది పిల్లల మార్కులు. అక్కడ ఎక్కువ రానివ్వండి అంటే ఎలా?

ఫ్రేమ్_పిచ్చి: మాధవి గారు అన్నదే అసలు విషయం, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. కంప్యూటర్‌లో 12:40కే మొదలైనట్టు కనిపించే ఫైల్‌లో కూడా 12:34 నుంచి ఉన్న బొమ్మ, మాట అన్నీ అలాగే ఉన్నాయి. మాస్టారూ, మీ క్లిప్‌ని ఇలా ఆడించి చూడండి:

```
ffplay -ignore_editlist 1 clip.mp4
```

లెక్కల_మాస్టారు: చూశాను. జాబితా పేర్లతో సహా కనబడుతోంది. గ్రూపులో ఇంకా పెట్టలేదు, టీచర్ ఒక్కరికే పంపాను, ఆవిడ తీసేశారు. ఎంపీ4 బదులు `.mkv`గా రాస్తే ఈ ఎడిట్ లిస్ట్ గొడవ ఉండదా?

ఫ్రేమ్_పిచ్చి: దాచడం ఉండదు, అంతే. ఆ ఆరు సెకన్లు అన్ని ప్లేయర్లలోనూ బాహాటంగా ఆడతాయి. దాపరికం లేదు కాబట్టి కట్ ఎక్కడ పడిందో మీకు వెంటనే తెలుస్తుంది, ఆ మేరకు మంచిదే.

మీ పనికి రెండు దారులు. 12:42.47 నుంచి మొదలైనా మాట తెగదంటే 762.466667 దగ్గరి కీఫ్రేమ్‌నే తీసుకోండి, క్వాలిటీ పోదు. కానీ 762.466 అని టైప్ చేయొద్దు, అది కీఫ్రేమ్‌కి వెంట్రుకవాసి ముందు పడి మళ్లీ 754.133కి లాక్కుపోతుంది, మార్కులూ తిరిగొస్తాయి. 762.48 అని కాస్త అవతలికి పెట్టండి. 12:40 తప్పదంటే రీఎన్‌కోడే:

```
ffmpeg -ss 760 -i class.mp4 -t 180 -c:v libx264 -crf 18 -c:a aac -b:a 192k clip.mp4
```

ఇక్కడ ffmpeg 754.133 నుంచి విప్పుకుంటూ వచ్చి, 760 కంటే ముందువి పారేసి, ఆ తర్వాతవే కొత్తగా రాస్తుంది. పాత ఫ్రేమ్‌లు ఫైల్‌లో ఉండవు. నవీన్ గారు చెప్పిన మసక నిజమే కానీ, సీఆర్‌ఎఫ్ 18 దగ్గర స్లయిడ్ అక్షరాల్లో తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నాకు కనబడలేదు.

నిజాంపేట_నవీన్: మార్కుల సంగతి సరే, ఒప్పుకుంటున్నాను. కానీ అందరికీ రీఎన్‌కోడ్ సలహా ఇవ్వకండి. దాచాల్సింది ఏమీ లేని మూడు గంటల ఫైల్‌కి కీఫ్రేమ్ కట్టే న్యాయం.

టైమ్‌లైన్_మాధవి: మధ్యేమార్గం ఉంది కదా. 760 నుంచి 762.467 దాకా మాత్రమే రీఎన్‌కోడ్ చేసి, మిగతాది కాపీ చేసి అతికించడం. LosslessCutలో స్మార్ట్ కట్ అని ఉంది, నాకు బాగానే పనిచేస్తోంది.

ఫ్రేమ్_పిచ్చి: దాన్ని వాళ్లే ప్రయోగాత్మకం అని రాసి పెట్టారు, కారణం ఉంది. ఎంపీ4లో డీకోడర్‌కి కావాల్సిన సెట్టింగులు మామూలుగా ఫైల్ తలలో ఒకసారే ఉంటాయి. కొత్త ముక్క, పాత ముక్క వేర్వేరు సెట్టింగులతో తయారైతే అతుకు దాటాక కొన్ని ప్లేయర్లు ఆకుపచ్చ గళ్లు చూపిస్తాయి, కొన్ని ఆగిపోతాయి. మీ ఫైళ్లు ఏ ఎన్‌కోడర్‌వి?

టైమ్‌లైన్_మాధవి: అన్నీ ఎక్స్264వే. నాలుగైదు రకాల ఫోన్లలో చూశాను, ఎక్కడా ఆగలేదు.

ఫ్రేమ్_పిచ్చి: అందుకే కలిసొస్తూ ఉండొచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్‌తో తీసిన ఫైళ్లకి అదే భరోసా నేను ఇవ్వను.

టైమ్‌లైన్_మాధవి: అతుకు దగ్గర ఆడించి చూసుకుంటే సరిపోతుంది కదా, అందుకోసం పద్ధతినే వదులుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

కడప_కెమెరా: ఒక సందేహం. ముందే ఓబీఎస్‌లో కీఫ్రేమ్ ఇంటర్వల్ 1 సెకను పెట్టుకుంటే?

ఫ్రేమ్_పిచ్చి: రాబోయే రికార్డింగ్‌లకి అది మంచి మాట. ఫైల్ కొంత పెరుగుతుంది కానీ ఎక్కడ కోసినా సెకను లోపలే కీఫ్రేమ్ దొరుకుతుంది. ఉన్న ఫైల్‌కి మాత్రం పనికిరాదు.

లెక్కల_మాస్టారు: 762.48 పెట్టి చూశాను, “ఇప్పుడు రెండో లెక్క” అనే మాట సగంలో మొదలవుతోంది. అందుకని మీ రీఎన్‌కోడ్ కమాండ్ నడిపాను. ఎడిట్ లిస్ట్ పట్టించుకోకుండా ఆడించినా జాబితా లేదు, ఫోన్‌లోనూ సరిగ్గా మొదలైంది. క్లాసుకొక ఫైల్ ఇలాంటిదే ఉంది, వాటికి మాధవి గారి స్మార్ట్ కట్ కూడా ఒకదాని మీద చూసి అతుకు ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.